సీజన్‌లో సర్వెంట్ లీడర్‌షిప్ నడుస్తుందా? రాత్రి రెండు గంటలకు లైన్ ఆగితే ఎవరిని అడగాలి?

తోతాపురి_నైట్‌షిఫ్ట్
చిత్తూరు పక్కన ఒక మామిడి పల్ప్ యూనిట్‌లో నైట్ షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మే నెలలో మాకు సర్వెంట్ లీడర్‌షిప్ అని ట్రైనింగ్ పెట్టారు. ఆర్డర్లు వేయొద్దు, అడగండి. మీ కింద వాళ్లకి ఏం అడ్డం వస్తోందో చూసి తీసేయండి. వాళ్లే నిర్ణయం తీసుకునేలా చేయండి. వినడానికి బాగానే ఉండింది. మేలో కాయ రాదు కాబట్టి అందరం తల ఊపి, బిర్యానీ తిని వచ్చేశాం.

ఇప్పుడు జూన్. మొన్న రాత్రి రెండు గంటలప్పుడు, వేడినీళ్లతో పల్ప్‌ని కాచే స్టెరిలైజర్‌లో పల్ప్ టెంపరేచర్ పడిపోయింది. మా దగ్గర సెట్ 102 డిగ్రీలు, 98 కిందికొస్తే వాల్వ్ దానంతటదే తిరిగి పల్ప్‌ని వెనక ట్యాంక్‌కి పంపేస్తుంది. ఫిల్లింగ్ ఆగింది. ట్రైనింగ్‌లో చెప్పినట్టే ఆపరేటర్‌ని, ఫిట్టర్‌ని, క్వాలిటీ చూసే క్యూసీ అమ్మాయిని పిలిచి "మీరేమనుకుంటున్నారు" అని అడిగాను. ఫిట్టర్ స్టీమ్ అన్నాడు. క్యూసీ సెన్సర్ అంది. ఆపరేటర్ నా మొహం చూస్తూ "మీరు చెప్పండి సార్, చేస్తా" అన్నాడు. ఇట్లా ముప్పావు గంట పోయింది. పొద్దున మేనేజర్ ఒకటే మాట: "నీకు లీడర్‌షిప్ నేర్పించాం, చర్చావేదిక పెట్టమని కాదు."

గేటు బయట బండ్లు, లోపల పండిన కాయ. ఇట్లాంటి పనిలో ఆ పద్ధతి నడుస్తుందా? నడిపినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. పుస్తకంలో మాటలు వద్దు, అవి నాకు పీపీటీలో ఉన్నాయి.

పాకాల_ప్యాసింజర్
మా సూపర్‌వైజర్ కూడా సర్వెంట్ లీడరే. ఎండీగారికి.

స్టాండప్_శీను
తిరుపతిలో కూర్చుని బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేస్తున్నా. మా దగ్గర టీమ్ పని సాఫీగా సాగేలా చూసే స్క్రమ్ మాస్టర్ అంటేనే సర్వెంట్ లీడర్. టీమ్‌కి ఏం చేయాలో ఎప్పుడూ చెప్పడు. "ఏమైనా బ్లాకర్ ఉందా" అని అడుగుతాడు, ఉంటే తీసేస్తాడు. రిలీజ్ రోజైనా అంతే. మీరు అడగడం కరెక్టే, మీ టీమ్‌కి ఇంకా అలవాటు కాలేదు. నాలుగు వారాలు అలాగే అడుగుతూ ఉండండి, వాళ్లే మాట్లాడతారు.

తోతాపురి_నైట్‌షిఫ్ట్
శీనూ, నాలుగు వారాల్లో మా సీజన్ సగం అయిపోతుంది.

దామలచెరువు_రైతు
సామీ, ఈ లీడర్‌షిప్ గోల తర్వాత. గేటు కాడ బండి ఎన్ని గంటలు నిలబెడతారో ముందు అది చెప్పండి. ఎండలో కాయ మెత్తబడి, దించేటప్పుడు కోత పెట్టేది మీరే, నష్టం మాకే. సేవ జేయాలంటే రైతుకి జేయండి. టోకెన్ మీద టైము రాసియ్యమని మూడేండ్లుగా అడగతా ఉండాము.

పాకాల_ప్యాసింజర్
ప్రశ్న వేరు, పెద్దాయన బాధ వేరు. కానీ పెద్దాయన బాధే నిజంగా ఉంది.

కోడ్‌బ్లూ_అక్క
శీను చెప్పింది నేను ఒప్పుకోను. తిరుపతిలో ఐసీయూ నర్సుని. పేషెంట్ గుండె ఆగినప్పుడు "మీరేమనుకుంటున్నారు" అని ఎవరూ గుంపుని అడగరు. లీడ్ చేసే డాక్టర్ ఛాతీ మీద చెయ్యి కూడా పెట్టడు. మంచం కాళ్ల వైపు నిలబడి అందరినీ, మానిటర్‌నీ చూస్తూ ఉంటాడు. పేరు పెట్టి చెబుతాడు: నువ్వు అడ్రినలిన్ ఒక మిల్లీగ్రాము ఇవ్వు. ఇచ్చినవాళ్లు "ఇచ్చాను" అని పైకి చెప్పాలి. రెండు నిమిషాలకోసారి ఛాతీ నొక్కేవాళ్లు మారతారు.

కానీ ఇంకోటి కూడా చూడండి. ఆ మారే సమయంలో మంచి డాక్టర్ అయితే పైకి అడుగుతాడు, "నేనేమైనా మర్చిపోతున్నానా?" అని. ఒకసారి మా వార్డ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి "సార్, పొటాషియం రిపోర్ట్ ఎక్కువ వచ్చింది" అని ఆ గ్యాప్‌లోనే చెప్పింది. దాంతో ట్రీట్‌మెంట్ మొత్తం మారింది. ఆయన ఆర్డర్లే వేశాడు, అయినా విన్నాడు. ఈ రెండూ ఒకదానికొకటి శత్రువులని మీ ట్రైనర్ ఎందుకు చెప్పాడో నాకర్థం కావట్లేదు.

స్టాండప్_శీను
అక్కా, అది ప్రాణం. పల్ప్ ప్రాణం కాదు కదా.

కోడ్‌బ్లూ_అక్క
ఆ పల్ప్‌తో చేసిన జ్యూస్ రేపు పిల్లలు తాగుతారు నాయనా.

బాయిలర్_తాత
ఈ లైన్లలోనే జుట్టు తెల్లబడినవాణ్ణి కాబట్టి ఒక మాట. అబ్బాయ్ నైట్‌షిఫ్ట్, నువ్వు అడిగింది రాత్రి రెండింటి గురించి. నాకు రాత్రి ఎనిమిదింటి గురించి కావాలి. రాత్రి షిఫ్ట్ ఎక్కినప్పుడు ప్రొడక్ట్ ప్రెషర్ ఎంత? వేడినీళ్ల టెంపరేచర్ ఎంత? లాగ్ షీట్ తీసి ఆ రెండు కాలమ్‌లు ఇక్కడ రాయి. తర్వాత మాట్లాడదాం.

తోతాపురి_నైట్‌షిఫ్ట్
తాతగారూ, ఫోటో తీసి పెట్టుకున్నా, చూసి రాస్తున్నా. పొద్దున సీఐపీ, అంటే లైన్ విప్పకుండా లోపల కడగడం, అయ్యాక ప్రెషర్ 6 బార్, వేడినీళ్లు 106. సాయంత్రం ఐదుకి 8 బార్, 109. రాత్రి ఎనిమిదికి 9 బార్, 111. పన్నెండుకి 10.5, 113. రెండింటికి 11 దాటింది, వేడినీళ్లు 114 దగ్గర ఆగిపోయాయి, స్టీమ్ వాల్వ్ నూటికి నూరు తెరుచుకుని ఉంది. పల్ప్ మాత్రం ఒంటిగంట వరకూ 102 మీదే ఉంది.

బాయిలర్_తాత
మరి ఇంకేం కావాలి? పల్ప్ 102 మీదే ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. ఆ 102 నిలబెట్టడానికి మిషను ఎంత కష్టపడుతోందో పక్క కాలమ్‌లో ఉంది. ట్యూబు లోపల గోడకి పల్ప్ మాడి పొర కట్టింది. పొర మందం అయ్యేకొద్దీ వేడి లోపలికి పోదు. దాంతో కంట్రోలర్ నీళ్లని ఇంకా వేడెక్కిస్తుంది. దారి ఇరుకై ప్రెషర్ పెరుగుతుంది. స్టీమ్ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నాక ఇక ఇచ్చేదేం లేదు, అప్పుడు పల్ప్ టెంపరేచర్ పడుతుంది. మీ ఫిట్టర్ అన్నట్టు స్టీమ్ తక్కువైతే కథ వేరుగా ఉండేది. వాల్వ్ తెరిచి ఉన్నా వేడినీళ్లు కిందికి జారేవి, ప్రెషర్ మాత్రం పెద్దగా కదిలేది కాదు. సెన్సర్ పోతే మామూలుగా ఒక్కసారిగా దూకుతుంది, ఇట్లా మెట్లు మెట్లుగా ఎక్కదు.

కాబట్టి రాత్రి రెండింటికి చర్చ అక్కర్లేదు, ఓటింగూ అక్కర్లేదు. లైన్ ఆపి సీఐపీ. కాస్టిక్, నీళ్లు, యాసిడ్, నీళ్లు, మళ్లీ స్టెరిలైజ్. రెండున్నర గంటలు. దాన్ని నువ్వు ఆర్డర్‌గానే చెప్పాలి. వాల్వ్ తిరిగేలోపు చల్లబడిన పల్ప్ ఫిల్లర్ వైపు పోయిందేమోనన్న అనుమానం ఉంటే, ఆ నిమిషాల్లో నిండిన డ్రమ్ములు పక్కన పెట్టాలి. అందులో ఎవరి అభిప్రాయమూ లేదు.

నా ప్రశ్న ఇంకోటి. ఎనిమిదింటికే 9 బార్ అని మీ ఆపరేటర్ తన చేత్తో రాశాడు. చెప్పలేదెందుకు?

తోతాపురి_నైట్‌షిఫ్ట్
ఏదైనా ఉంటే చెప్పమని నేను రోజూ చెబుతూనే ఉంటా సార్.

బాయిలర్_తాత
చెప్పమని అందరూ చెబుతారు. కిందటిసారి చెప్పినవాడికి ఏమైందో కింద ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకుంటారు. అది కనుక్కో.

హెచ్ఆర్_మౌనం
ఇలాంటి ట్రైనింగులు పెట్టించేది నాలాంటివాళ్లే కాబట్టి తిట్లు తినడానికి సిద్ధపడి రాస్తున్నా. సర్వెంట్ లీడర్‌షిప్ అన్న మాట మొదట వాడిన గ్రీన్‌లీఫ్ ఆశ్రమంలో కూర్చున్న మనిషి కాదు. ఏటీ అండ్ టీ అనే అమెరికా టెలిఫోన్ కంపెనీలో దశాబ్దాలు పని చేసి, రిటైరయ్యాక 1970లో దీని మీద వ్యాసం రాశాడు. అందులో ముందుచూపుకి చాలా బరువు ఇచ్చాడు. ఆ ముందుచూపు పోగొట్టుకుని, జరిగేవాటి వెనక పరిగెత్తేవాడు పేరుకే లీడర్ అంటాడు. మన ట్రైనర్లకి ఆ భాగం నచ్చదు. "వినండి, నవ్వండి" భాగం నచ్చుతుంది, ఎందుకంటే దాన్ని ఆటలుగా ఆడించవచ్చు. తాతగారు అడుగుతున్న ఎనిమిదింటి ప్రశ్న ఆ ముందుచూపు భాగమే.

పాకాల_ప్యాసింజర్
మా ట్రైనింగ్‌లో కళ్లకి గంతలు కట్టి ఒకరి మీద ఒకరిని పడమన్నారు. పట్టుకోవాల్సిన మేనేజర్‌కి అప్పుడే ఫోన్ వచ్చింది.

కాణిపాకం_కుర్రోడు
మా అమ్మ సీజన్‌లో సార్టింగ్ బెల్ట్ మీద పని చేస్తుంది, వేరే ఫ్యాక్టరీలే. ఈ థ్రెడ్ చదివి వినిపించాను. ఆమె అన్నది రాస్తున్నా.

"మమ్మల్ని ఎవురూ ఏమీ అడగక్కర్లేదు. అడిగితే ఏం జెప్పాల, జెప్పినాక ఎవురు జేస్తారు? షిఫ్ట్ ఎన్నింటికి అయిపోతాదో సాయంత్రమే జెప్తే చాలు. పన్నెండుకని జెప్పి మూడింటిదాకా ఉంచితే వ్యాను ఎళ్లిపోతాది. బూట్లు సైజు చూసి ఇయ్యండి. నేలంతా పులుసు, జారి పడితే నడుమిరిగేది మాకు."

మా అమ్మకి నచ్చిన సూపర్‌వైజర్ ఒకాయన ఉండేవాడు. పెద్ద కోపిష్టి, అరుస్తాడు. కానీ ఆయన షిఫ్ట్‌లో బెల్ట్ స్పీడ్ పెంచే ముందు ఇద్దరిని ఎక్కువ నిలబెట్టేవాడు. నవ్వుతూ మాట్లాడే ఇంకో ఆయన స్పీడ్ పెంచేసి "అమ్మా మీరు చేయగలరు" అనేవాడంట.

కోడ్‌బ్లూ_అక్క
మీ అమ్మగారికి దండం పెట్టానని చెప్పు. ట్రైనింగ్ మొత్తం ఆ బెల్ట్ ముక్కలో ఉంది.

స్టాండప్_శీను
నేను మొదట రాసింది కొంచెం మారుస్తా. స్క్రమ్‌కి రూల్ బుక్ లాంటి స్క్రమ్ గైడ్‌లో కూడా ముందు సర్వెంట్ లీడర్ అనే ఉండేది, 2020లో తిరగరాసినప్పుడు "సేవ చేసే నిజమైన లీడర్లు" అన్న అర్థం వచ్చేలా మార్చారు. చాలామంది స్క్రమ్ మాస్టర్లు టీమ్‌కి మీటింగ్ రూములు బుక్ చేసే క్లర్కుల్లా తయారయ్యారని మా ఫీల్డ్‌లో పెద్ద గొడవే ఉంది. అయినా ఒక డౌట్. మాకు లైవ్‌లో ఉన్న సిస్టమ్ పడిపోతే ఒకరిని ఇన్సిడెంట్ కమాండర్ అని పెడతాం. ఆయన చెప్పిందే మాట, అంతా అయ్యాక తప్పు పట్టకుండా కూర్చుని మాట్లాడతాం. తాతగారు చెప్పేది కూడా ఇదేనా?

బాయిలర్_తాత
సగం ఇదే. మీరు పడిపోయాక కూర్చుని మాట్లాడతారు. పడకముందు నోరు తెరిచేవాడిని ఏం చేస్తారు అన్నది మిగతా సగం.

దామలచెరువు_రైతు
లైను ఆపి రెండున్నర గంటలు కడుగుతామంటా ఉండారు. అంటే మా బండ్లు ఇంకో రెండున్నర గంటలు గేటు కాడేనా?

బాయిలర్_తాత
మంచి ప్రశ్న రైతుగారూ, అసలు డెడ్‌లైన్ ఎక్కడుందో దీంతోనే తేలుతుంది. మీ కాయ ఇవాళ దిగితే ఇవాళే పల్ప్ కాదు. పచ్చి కాయ కదా, ముందు పండబెట్టే గదుల్లోకి పోతుంది, అక్కడ కొన్ని రోజులు ఉంటుంది. గదుల్లో చోటుంటే లైన్ ఆగినా మీ బండి దించొచ్చు. చోటు లేకపోతే లైన్ నడుస్తున్నా దించలేరు. గేటు దగ్గర బండ్లు చూసి లైన్‌ని తరమడం వల్ల ఆ రాత్రికి ఒరిగేది తక్కువ. తరమాల్సింది గదిలో ఇప్పటికే పండి, రేపటికి మెత్తబడి నల్లమచ్చ పడే కాయని చూసి. అబ్బాయ్, మొన్న రాత్రి గదిలో అలాంటి క్రేట్లు ఎన్ని ఉన్నాయో ఆ ముప్పావు గంటలో ఎవరైనా చూశారా?

తోతాపురి_నైట్‌షిఫ్ట్
లేదు సార్. గేటే చూస్తాం. మేనేజర్ కూడా గేటు సీసీటీవీనే చూస్తాడు.

దామలచెరువు_రైతు
అయితే గదిలో చోటు ఎప్పుడొస్తాదో చూసి టోకెన్‌లో టైము రాయొచ్చు కదా. నేను మొదట అడిగింది అదే.

పాకాల_ప్యాసింజర్
పెద్దాయన మొదట్నుంచీ టాపిక్ మీదే ఉన్నాడు, మనమే దారి తప్పాం.

తోతాపురి_నైట్‌షిఫ్ట్
అప్‌డేట్. నిన్న షిఫ్ట్ ఎక్కాక ఆపరేటర్‌తో విడిగా మాట్లాడాను, టీ కొట్టు దగ్గర, ఫ్యాక్టరీ లోపల కాదు. మొదట "ఏం లేదు సార్" అన్నాడు. లాగ్ షీట్ చూపించి, ఈ 9 బార్ చూసినప్పుడు నీకు తెలిసిందా అని అడిగాను. తెలిసిందన్నాడు. మరి?

పోయిన సీజన్‌లో వేరే ఇన్‌ఛార్జి కింద ఉన్నప్పుడు ఇలాగే ఆపమని చెప్పాడంట. ఆపారు, కడిగారు. పొద్దున బోర్డు మీద వాళ్ల షిఫ్ట్ డ్రమ్ములు తక్కువ వచ్చాయి. తర్వాతి షిఫ్ట్ శుభ్రమైన లైన్ మీద ఎక్కువ కొట్టింది. మీటింగ్‌లో వాళ్లకి చప్పట్లు, ఇతనికి "నీకు భయమెక్కువ" అని పేరు. అప్పట్నుంచి నేర్చుకున్నది ఏంటంటే, ఎలాగోలా షిఫ్ట్ దాటించేయాలి. కడుగుడు పక్కోడి షిఫ్ట్‌లో పడాలి. ఇతనొక్కడే కాదు, మూడు షిఫ్టుల ఆపరేటర్లూ అదే చేస్తున్నారు. నాకు మాత్రమే తెలియదు.

హెచ్ఆర్_మౌనం
చూశారా. మీరు ఎంత మంచిగా అడిగినా, బోర్డు వేరే మాట చెబుతోంది. ఆపరేటర్ బోర్డు మాట విన్నాడు. అతను తెలివైనవాడే.

బాయిలర్_తాత
నేను అనుకున్నది అదే, కానీ నువ్వు కనుక్కుంటేనే విలువ. ఇప్పుడు లెక్క వేయి. ఎనిమిదింటికి 9 బార్ దగ్గర ఆపి ఉంటే రెండున్నర గంటలు పోయేవి. పదిన్నరకి శుభ్రమైన లైన్. నువ్వు రెండింటికి ఆగావు, ముప్పావు గంట మాటల్లో పోయింది, కడగడానికి ఎంత పట్టింది?

తోతాపురి_నైట్‌షిఫ్ట్
నాలుగు గంటలు దగ్గరగా. పొర గట్టిపడి ఒకసారి కాస్టిక్‌తో పోలేదు, రెండోసారి తిప్పాం. పైగా వెనక ట్యాంక్‌లో తిరిగిన పల్ప్ రంగు ముదిరింది. క్యూసీ దాన్ని విడిగా పెట్టింది, ఆ డ్రమ్ములు ఏం చేయాలో ఇంకా తేలలేదు. డ్రమ్ముకి 215 కిలోలు.

బాయిలర్_తాత
రెండోసారి వేడి తగిలితే తోతాపురి రంగు అలాగే పోతుంది, ఉడుకు వాసన కూడా వస్తుంది. ఇక నీ మొదటి ప్రశ్నకి నా జవాబు. రాత్రి రెండింటికి నువ్వు సర్వెంట్‌గా ఉండాల్సిన పని లేదు, అప్పుడు నువ్వు చెప్పాలి, వాళ్లు చేయాలి. నీ సేవ అంతా ఎనిమిదింటికి వాడు నోరు తెరిచేలా చేయడంలో ఉంది, దానికంటే ముందు ఏప్రిల్‌లో ఉంది. ఎన్ని బార్లకి ఆపాలో, వేడినీళ్లు ఎన్ని డిగ్రీలు దాటితే ఆపాలో ఆపరేటర్లతో కూర్చుని తేల్చేది అప్పుడు. అప్పుడు ఎన్ని గంటలైనా అడుగు, వాదించుకోండి. ఒకసారి రాసి ప్యానెల్ మీద అతికించాక సీజన్‌లో దాని మీద చర్చ ఉండదు. గాస్కెట్లు, సెన్సర్ స్పేర్లు స్టోర్‌లో ఉన్నాయో లేదో నువ్వు చూసిపెట్టాలి. ఆపినందుకు పైనుంచి తిట్లొస్తే నువ్వు తినాలి, ఆపరేటర్ పేరు పైకి పోకూడదు. పద్ధతిలో చెమట పట్టే భాగం ఇదే.

స్టాండప్_శీను
ఒక్క దగ్గర తేడా. ఆపే అధికారం ఆపరేటర్‌కే ఇచ్చేయొచ్చు కదా? టయోటాలో తాడు లాగే పద్ధతి ఉంది, లైన్ మీద ఉన్న ఎవరైనా లాగొచ్చు.

బాయిలర్_తాత
తాడు లాగగానే లైన్ మొత్తం ఆగిపోదు నాయనా. ముందు టీమ్ లీడర్ పరిగెత్తుకొస్తాడు. ఆ కాస్త టైమ్‌లో సరిచేయలేకపోతేనే లైన్ ఆగుతుంది. పరిగెత్తుకొచ్చేవాడు లేకుండా తాడు ఒక్కటే కడితే అది అలంకారం. ఇక్కడ నైట్ షిఫ్ట్‌లో ఇన్‌ఛార్జి ఒకేసారి బాయిలర్ దగ్గరా, గేటు దగ్గరా, ఫిల్లర్ దగ్గరా ఉంటాడు. నా మాట ఏంటంటే ఆపరేటర్ పిలవాలి, ఇన్‌ఛార్జి ఐదు నిమిషాల్లో వచ్చి అంకెలు చూసి తేల్చాలి. రాలేదా, ఆపరేటర్ ఆపేయొచ్చు.

స్టాండప్_శీను
ఆ ఐదు నిమిషాల్లో మళ్లీ ఇన్‌ఛార్జి మొహమే చూస్తాడు. అంకె రాసి పెట్టాక ఇంకెవరు తేల్చాలి? నేను ఒప్పుకోవట్లేదు.

బాయిలర్_తాత
ఒప్పుకోకు. రెండు లైన్లు ఒకే బాయిలర్ మీద నడిచే చోట ఒకటి ఆపితే రెండోదానికి ఏమవుతుందో ఆపరేటర్‌కి కనబడదు, అందుకే అంటున్నా.

కోడ్‌బ్లూ_అక్క
నాదీ ఒక మాట. ఇన్‌ఛార్జి అన్నిచోట్లా ఉంటాడని తాతగారన్నారు కదా, అక్కడే ఈ పద్ధతి చెడిపోవడం నేను చూశాను. మా దగ్గర ఒక సిస్టర్ ఇన్‌ఛార్జి చాలా మంచిది. జూనియర్‌కి కష్టంగా ఉందంటే క్యాన్యులా తనే పెట్టేస్తుంది, శాంపిల్ తనే పట్టుకెళ్తుంది. అందరూ దేవత అంటారు. కానీ ఆమె సెలవు పెట్టిన రోజు వార్డ్ కూలబడుతుంది, క్యాన్యులా పెట్టడం ఎవరికీ చేతకాదు. సాయం చేయడం వేరు, వాళ్ల పని లాక్కోవడం వేరు. బిజీ రోజుల్లో ఈ రెండిటికీ తేడా కనబడదు, ఎందుకంటే తనే చేస్తే పని త్వరగా అవుతుంది.

హెచ్ఆర్_మౌనం
గ్రీన్‌లీఫ్ పెట్టిన పరీక్ష కూడా దాని గురించే. నీ కింద పని చేసినవాళ్లు ఎదిగారా, సొంతంగా చేయగలుగుతున్నారా అని చూడమంటాడు. ఇక్కడ నాకే ఇబ్బందైన ప్రశ్న ఒకటుంది. సీజన్‌కి వచ్చి జులై, ఆగస్టుల్లో వెళ్లిపోయే కాంట్రాక్ట్ మనుషుల విషయంలో ఎదగడం అంటే ఏంటి? మళ్లీ వచ్చే ఏడు వాళ్లే వస్తారో లేదో కాంట్రాక్టర్ చేతిలో ఉంటుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

కాణిపాకం_కుర్రోడు
అమ్మని అడిగాను. "ముందు వ్యాను" అంది.

తోతాపురి_నైట్‌షిఫ్ట్
సరే, ఇవాళ మేనేజర్‌తో మాట్లాడాను. లీడర్‌షిప్ అన్న మాటే ఎత్తలేదు. లాగ్ షీట్, రంగు ముదిరిన డ్రమ్ముల లిస్టు, నాలుగు గంటల ఆగుడు పక్కపక్కన పెట్టాను. రెండు అడిగాను. ఒకటి, కడిగిన సమయాన్ని షిఫ్ట్ లెక్కలోంచి తీసేసి, నడిచిన గంటకి ఎన్ని డ్రమ్ములో బోర్డు మీద రాయడం. రెండోది, 9 బార్ లేదా వేడినీళ్లు 111, ఏది ముందొస్తే అప్పుడు సీఐపీ, మూడు షిఫ్టులకీ ఒకటే రూల్.

రెండోదానికి వెంటనే ఒప్పుకున్నాడు. బోర్డు మాత్రం "హెడ్ ఆఫీసుకి మొత్తం డ్రమ్ములే కావాలి, గంట లెక్క వాళ్లకి అర్థం కాదు" అన్నాడు. గట్టిగా అడిగితే, ఈ వారం నైట్ షిఫ్ట్ ఒక్కదానికి పక్కన చిన్న కాలమ్ రాసుకోమన్నాడు. డే షిఫ్ట్ ఇన్‌ఛార్జికి అప్పుడే కోపమొచ్చింది, "నీ షిఫ్ట్‌కి స్పెషల్ లెక్కలా" అని.

బాయిలర్_తాత
బోర్డు మారకుండా రూల్ ఒక్కటే పెడితే జాగ్రత్త. 9 బార్ వచ్చే టైమ్‌కి లాగ్ షీట్‌లో 8.8 అని రాయడం మొదలవుతుంది. ప్యానెల్‌లో రికార్డయ్యే గ్రాఫ్‌తో వారానికోసారి నువ్వే పోల్చి చూడు. తేడా కనబడితే రాసినవాడిని పట్టుకోకు, ఆ కాలమ్ గురించి మేనేజర్ దగ్గరికి మళ్లీ వెళ్లు.

పాకాల_ప్యాసింజర్
డే షిఫ్ట్ ఇన్‌ఛార్జి కూడా ఈ థ్రెడ్ చదువుతున్నాడేమో, పేరు మార్చుకో అన్నా.

తోతాపురి_నైట్‌షిఫ్ట్
చదివితే మంచిదే, వాళ్ల షిఫ్ట్‌లో కూడా ఆ కాలమ్ పెట్టమని అడుగుతాడు.

అన్నట్టు కుర్రోడా, వ్యాను సంగతి మా దగ్గరా అంతే. సార్టింగ్ ఎప్పుడు అయిపోతుందో రాత్రి తొమ్మిదికి చెప్పగలను, సాయంత్రం ఆరుకి చెప్పలేను. వ్యానునే రెండు ట్రిప్పులు చేయమని కాంట్రాక్టర్‌ని అడిగాను, డీజిల్ ఎవరిస్తారంటున్నాడు.

కాణిపాకం_కుర్రోడు
తొమ్మిదికైనా చెప్పండన్నా. చాలామంది అది కూడా చెప్పరు.

దామలచెరువు_రైతు
రేపు రాత్రికి నాది ఒక బండి వస్తాది. గదిలో చోటుందా?

తోతాపురి_నైట్‌షిఫ్ట్
రేపు మధ్యాహ్నానికి రెండు గదులు ఖాళీ అవుతాయి. పెద్దాయనా, రాత్రి పదకొండు తర్వాత బయలుదేరండి, ముందొచ్చినా దించరు. టోకెన్ మీద టైమ్ నేను రాయలేను, అది గేటు వాళ్ల పుస్తకం. వాళ్ల ఇన్‌ఛార్జితో రేపు మాట్లాడతా.

దామలచెరువు_రైతు
పదకొండున్నరకి పెడతా. మాట్లాడినాక ఆయన ఏమన్నాడో ఈడ రాయండి.